వడ్డీ పెరిగితే పాత బాండు ధర ఎందుకు పడుతుంది? ఎంత పడుతుంది?

2022 మే 4, బుధవారం. ఎల్‌ఐసీ ఐపీఓ మొదలైన రోజు కాబట్టి అందరి కళ్లూ అటే ఉన్నాయి. మధ్యాహ్నం రెండు గంటల వేళ రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ శక్తికాంత దాస్ ముందస్తు షెడ్యూల్‌లో లేని ప్రకటనతో తెర మీదకు వచ్చి, బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ ఇచ్చే స్వల్పకాల అప్పు మీద వసూలు చేసే వడ్డీని, అంటే రెపో రేటును, 4 శాతం నుంచి 4.40 శాతానికి పెంచుతున్నట్టు చెప్పారు. అప్పటికి మార్కెట్లో పదేళ్ల ప్రామాణిక బాండుగా నడుస్తున్నది 2032లో గడువు తీరే 6.54 శాతం ప్రభుత్వ బాండు. అంతకుముందు ముగింపులో సుమారు 7.12 శాతం దగ్గర ఉన్న దాని ఈల్డ్, అంటే దాని నుంచి మార్కెట్ అడిగే రాబడి, ఆ సాయంత్రానికి 7.38 శాతం దరిదాపుల్లో నిలిచింది. అంటే నూరు రూపాయల ముఖ విలువ మీద ధర దాదాపు రూపాయి డెబ్బై మూడు పైసలు పడింది. కోటి రూపాయల బాండ్లున్నవారికి ఒక్క పూటలో లక్షా డెబ్బై మూడు వేలు తరిగాయి.

ఇక్కడే చాలామందికి సందేహం వస్తుంది. బాండు ఇచ్చింది కేంద్ర ప్రభుత్వం, అది అప్పు ఎగ్గొట్టలేదు. ఆరు నెలలకోసారి రావాల్సిన వడ్డీ పైసా తగ్గలేదు. 2032లో నూరు రూపాయలూ తిరిగొస్తాయి. ఏదీ మారనప్పుడు ధర ఎందుకు తగ్గింది? నిజానికి బాండులో ఏమీ మారకపోవడమే దానికి కారణం.

ఊళ్లో ప్రామిసరీ నోటు వ్యవహారం తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు. నూటికి రూపాయి వడ్డీకి మూడేళ్ల గడువు పెట్టి ఒకరు నోటు రాయించుకున్నారనుకుందాం. ఆరు నెలల తర్వాత ఊళ్లో వడ్డీ రూపాయిన్నరకు చేరింది. అప్పుడే ఆయనకు డబ్బు అవసరం పడి ఆ నోటును ఇంకొకరికి బదిలీ చేయాలని చూశారు. లక్ష రూపాయల నోటును లక్షకే కొనేవారు దొరకరు. కొత్తగా అప్పిస్తే నెలకు పదిహేను వందలు వస్తుంటే, వెయ్యే వచ్చే కాగితం ఎవరికి కావాలి? ధర తగ్గిస్తే తీసుకుంటారు. ఎంతకు తగ్గించాలన్నది బేరం మీద తేలేది కాదు, కచ్చితంగా లెక్క కట్టి చెప్పగలిగేది. బాండు మార్కెట్ రోజంతా చేసే పని అదే.

6.54 శాతం బాండు సంగతికి వద్దాం. 2022 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ దీన్ని వేలం వేసినప్పుడు మార్కెట్ అడిగిన రాబడి 6.54 శాతం. కొత్త బాండుకు వేలంలో తేలిన రేటే కూపన్ అవుతుంది కాబట్టి మొదటి ధర నూరు రూపాయలు. కూపన్ అంటే కాగితం మీద అచ్చయిన వడ్డీ, అది పదేళ్లూ మారదు. ఈల్డ్ అంటే ఈరోజు ధరకు కొని గడువు దాకా ఉంచుకున్నవారికి అన్నీ కలిపి ఏటా పడే రాబడి. కూపన్‌ను కదిలించే వీల్లేదు కాబట్టి, మార్కెట్ అడిగే ఈల్డ్ మారినప్పుడల్లా సర్దుకోవాల్సింది ధరే.

ఇప్పుడు ఒక చిన్న ఊహ. బాండు చేతికొచ్చిన మర్నాడే మార్కెట్ వడ్డీ ఒక శాతం పెరిగి 7.54 అయిందనుకుందాం. కొత్త బాండు ఏటా 7 రూపాయల 54 పైసలు ఇస్తుంది, పాతది 6 రూపాయల 54 పైసలే. ఏడాదికి లోటు రూపాయి. పదేళ్లకు పది రూపాయలు. అయితే ధర పది రూపాయలు పడాలా? అక్కర్లేదు. ఆ పది రూపాయల లోటు ఈరోజే రావడం లేదు, ఆరు నెలలకు అర్ధరూపాయి చొప్పున పదేళ్ల పొడవునా పరుచుకుని ఉంది. పదో ఏట తక్కువయ్యే రూపాయికి ఈరోజు విలువ అర్ధరూపాయి కూడా లేదు. 7.54 శాతం దగ్గర ఆ ఇరవై అర్ధరూపాయలనూ ఈరోజు విలువలోకి మార్చి కూడితే 6 రూపాయల 94 పైసలు వస్తుంది. పాత బాండు ధర 93 రూపాయల 6 పైసలకు దిగుతుంది. పడిన మొత్తమూ 6 రూపాయల 94 పైసలే, ఒక్క పైసా తేడా లేదు.

ఈ అంశాన్ని మార్కెట్ వార్తలు సాధారణంగా ‘ఈల్డ్, ధర వ్యతిరేక దిశల్లో కదులుతాయి’ అనే ఒక్క వాక్యంతో దాటేస్తాయి. తప్పేమీ కాదు, కానీ ఏదో రహస్య సూత్రం ఉన్నట్టు వినిపిస్తుంది. ఉన్నదల్లా ఒక లోటు భర్తీ. కొనేవారికి రాబోయే ఏళ్లలో ఏటా తక్కువయ్యే రూపాయిని అమ్మేవారు ముందే ధరలో తగ్గించి ఇచ్చేస్తున్నారు. వడ్డీ తగ్గినప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. పాత బాండు ఏటా రూపాయి ఎక్కువిస్తుంది కాబట్టి కొనేవారే ముందుగా అదనం చెల్లిస్తారు.

అదే లోటు ఏడాదిలో తీరిపోయే బాండుకైతే? వడ్డీ ఒక్కసారే చివర్లో ఇచ్చేదనుకుంటే, ఒకే ఒక్క రూపాయి, అదీ ఏడాది చివర. దాని నేటి విలువ 93 పైసలు. ధర 99 రూపాయల 7 పైసల దగ్గర ఆగిపోతుంది. వడ్డీ అంతే పెరిగినా ఒక బాండుకు రూపాయి లోపు, ఇంకోదానికి దాదాపు ఏడు రూపాయలు దెబ్బ. ఎన్నేళ్లపాటు తక్కువ వడ్డీకి కట్టుబడి ఉన్నామన్నదే తేడా. మరి నలభై ఏళ్ల బాండుకు నాలుగు రెట్లు, ఇరవై ఎనిమిది రూపాయలు పడుతుందా అంటే అదీ కాదు. ఇదే కూపన్‌తో లెక్క వేస్తే పడేది సుమారు 12 రూపాయల 58 పైసలు. ముప్పై ఐదో ఏట, నలభయ్యో ఏట తక్కువయ్యే రూపాయికి ఈరోజు మిగిలేది పైసల్లోనే.

కాబట్టి బాండు ఎంత సున్నితమో గడువు ఒక్కటే చెప్పలేదు. చెప్పగలిగే కొలత డ్యూరేషన్. ఆర్థికవేత్త ఫ్రెడరిక్ మెకాలే దీన్ని 1938లో ప్రతిపాదించారు. ఒక పొడవాటి బద్దను కాలరేఖ అనుకుని, బాండు ఇచ్చే ఒక్కో సొమ్మును అది వచ్చే తేదీ దగ్గర, దాని నేటి విలువంత బరువుగా వేలాడదీయాలి. చిన్న చిన్న కూపన్లు వరుసగా ఉంటాయి, చివర నూరు రూపాయల అసలు పెద్ద మూటలా వేలాడుతుంది. ఆ బద్ద అటూ ఇటూ ఒరగకుండా ఏ చోట వేలి మీద నిలుస్తుందో అదే మెకాలే డ్యూరేషన్. మన పదేళ్ల బాండుకు జనవరిలో అది దాదాపు ఏడున్నరేళ్లు. చివరి మూట బరువు వల్ల పదికి దగ్గరగా ఉండాల్సింది, ముందున్న కూపన్లు దాన్ని ఇటు లాగాయి. మధ్యలో కూపన్లే లేకుండా చివర్లో ఒకేసారి చెల్లించే బాండుకైతే లాగేవేవీ ఉండవు, డ్యూరేషన్ గడువుతో సమానం. ఒకే గడువున్న రెండు బాండ్లలో కూపన్ చిన్నదాని ధర ఎక్కువ ఊగేది ఇందుకే.

ఈ ఏడున్నరను, ఒకటికి అర్ధసంవత్సరపు వడ్డీ కలిపితే వచ్చే 1.0327తో భాగిస్తే 7.26 వస్తుంది. దాన్ని మాడిఫైడ్ డ్యూరేషన్ అంటారు. రోజువారీ వాడకంలో పనికొచ్చేది ఇదే.

```
ధర మార్పు శాతం ≈ − మాడిఫైడ్ డ్యూరేషన్ × ఈల్డ్ మార్పు శాతం
```

ఇందులోని ఏడు పాయింట్ చిల్లర ఎక్కడో చూసినట్టుందని అనిపిస్తే అది నిజమే. నూరు రూపాయల ధర దగ్గరున్న బాండుకు మాడిఫైడ్ డ్యూరేషన్ అంటే ఏటా తక్కువయ్యే ఒక్క రూపాయి వరసకు నేటి విలువే. పైన 7.54 శాతం దగ్గర కట్టిన 6.94కు, 6.54 శాతం దగ్గర కట్టిన 7.26కు లెక్క ఒకటే, వడ్డీ రేటే వేరు.

దీన్ని మే 4కు అన్వయించి చూద్దాం. అప్పటికి జనవరి నుంచి మూడున్నర నెలలు గడిచాయి, ఈల్డ్ కూడా పెరిగింది, అందుకే డ్యూరేషన్ కొంచెం తగ్గి 6.89 అయింది. ఈల్డ్ పెరిగింది 0.26 శాతం. రెండిటినీ గుణిస్తే 1.79 శాతం పతనం. ఆ రోజు 7.12 శాతం ఈల్డ్ దగ్గర బాండు ధర 95 రూపాయల 97 పైసలు. అయితే జనవరి నుంచి పోగుపడిన వడ్డీ 1 రూపాయి 96 పైసలు కూడా కొనేవారు అమ్మేవారికి ఇవ్వాలి కాబట్టి నిజంగా చేతులు మారే సొమ్ము 97 రూపాయల 93 పైసలు. డ్యూరేషన్‌ను గుణించాల్సింది ఈ మొత్తంతోనే, తెర మీద కనిపించే ధరతో కాదు. కొత్తవాళ్లు తరచూ తప్పటడుగు వేసేది ఇక్కడే. ఫలితం 1 రూపాయి 75 పైసలు. 7.38 శాతం దగ్గర పూర్తి లెక్క కట్టి చూస్తే ధర 94 రూపాయల 24 పైసలు, అంటే పడింది 1 రూపాయి 73 పైసలు. అంచనాకు, అసలుకు తేడా రెండు పైసలు.

ఆ రెండు పైసలకూ ఒక అర్థం ఉంది. డ్యూరేషన్ గీసేది సరళరేఖ, ధర కదిలేది వంపు మీద. పావు శాతం మార్పుకు తేడా కనిపించదు. అదే రెండు శాతం పెరిగితే, నూరు రూపాయల దగ్గరున్న ఈ బాండు 14 రూపాయల 51 పైసలు పడుతుందని డ్యూరేషన్ అంటుంది, నిజంగా పడేది 13 రూపాయల 27 పైసలే. రెండు శాతం తగ్గితే డ్యూరేషన్ చెప్పే 14.51కు బదులు 15 రూపాయల 93 పైసలు పెరుగుతుంది. పడితే అంచనా కన్నా తక్కువ, లేస్తే అంచనా కన్నా ఎక్కువ. ఈ వంపును కన్వెక్సిటీ అంటారు. మామూలు ప్రభుత్వ బాండు కొన్నవారికి ఇది అనుకూలంగానే పనిచేస్తుంది. అలా పనిచేయని బాండ్లూ ఉన్నాయి, వాటి సంగతి చివర్లో.

మే 4 గురించి ఇంకో మాట చెప్పాలి. ‘రెపో పెరిగింది, బాండ్లు పడ్డాయి’ అన్నది సగం కథే. జనవరిలో 6.54 దగ్గరున్న ఈల్డ్ రెపో ఒక్క పాయింటు కదలకముందే 7.12కు చేరింది. ముడిచమురు, ధరల మంట, అమెరికాలో వడ్డీల పెంపు చూసి మార్కెట్ ముందే సర్దుకుంటూ వచ్చింది. ఆ బుధవారం పడింది ఊహించని భాగానికి మాత్రమే. తర్వాత కథ ఇంకా విచిత్రం. జూన్ 8న రెపో 4.90 అయింది, జూన్ మధ్యకు పదేళ్ల ఈల్డ్ 7.6 శాతం దాకా వెళ్లింది. అక్కడి నుంచి 2023 ఫిబ్రవరి 8 నాటికి రెపో ఇంకో 1.60 శాతం ఎక్కి 6.50కి చేరితే, పదేళ్ల ఈల్డ్ మాత్రం దిగి 7.3, 7.4 మధ్య తిరిగింది. పెరిగినవి ఏడాది లోపు ట్రెజరీ బిల్లుల ఈల్డ్‌లు. డ్యూరేషన్ సూత్రంలో ‘ఈల్డ్ మార్పు’ అంటే ఆ బాండు సొంత ఈల్డ్ మార్పు, రెపో మార్పు కాదు. రెపో 1.60 పెరిగింది కదా అని 6.9తో గుణించుకుని కూర్చుంటే పదకొండు శాతం నష్టం కళ్ల ముందు కనిపించి ఊరికే టెన్షన్.

ఇంత చెప్పాక సహజంగా వచ్చే ప్రశ్న: గడువు దాకా అమ్మకుండా ఉంచుకుంటే నష్టం లేదు కదా? ఎంతకాలం తర్వాత డబ్బు కావాలన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఇక్కడ మెకాలే వారి ఏడున్నరేళ్లు అసలు పని చూపిస్తాయి.

మళ్లీ మన ఊహలోని బాండు తీసుకుందాం. నూరు రూపాయలకు కొన్నాక ఈల్డ్ 7.54 అయి అక్కడే ఉండిపోయింది. వచ్చిన ప్రతి కూపన్‌నూ ఆ కొత్త రేటుకే మళ్లీ మదుపు చేస్తున్నారు. మూడేళ్ల తర్వాత బాండు అమ్మితే కూపన్లతో కలిపి చేతిలో ఉండేది 116 రూపాయల 20 పైసలు. వడ్డీ పెరగకుండా ఉంటే 121 రూపాయల 30 పైసలు ఉండేది. అయిదు రూపాయలు నష్టం. పదేళ్లు ఆగితే 195 రూపాయల 8 పైసలు, వడ్డీ పెరగకపోతే వచ్చేది 190 రూపాయల 32 పైసలు. ఇప్పుడు దాదాపు అయిదు రూపాయలు లాభం. సరిగ్గా ఏడున్నరేళ్ల దగ్గర? ఒకటి 162 రూపాయల 13 పైసలు, ఇంకొకటి 162 రూపాయల 4 పైసలు. వడ్డీ పెరిగినా పెరగకపోయినా ఒకటే. ధరలో పోయినదాన్ని కూపన్ల మీద వచ్చే అదనపు వడ్డీ మెల్లగా పూడ్చుకుంటూ వచ్చి, డ్యూరేషన్ దగ్గర లెక్క సరిపెట్టింది. బద్ద నిలిచే బిందువు అంటే ఇదన్నమాట. కూపన్లను మళ్లీ మదుపు చేయకుండా ఇంటి ఖర్చులకు వాడుకునేవారికి ఈ పూడిక ఉండదు. వారికి 2032లో నూరు వస్తుంది, నిజమే, కానీ పక్కవారు 7.54 తింటుంటే వారు 6.54తో సర్దుకోవాలి. నష్టం ధరలో కాకుండా కూపన్లో, కొంచెం కొంచెంగా అందుతుంది.

గిల్ట్ ఫండ్లలో డబ్బు పెట్టినవారు చూడాల్సింది కూడా ఇదే, డబ్బు ఎప్పుడు కావాలి, డ్యూరేషన్ ఎంత అన్న పోలిక. ప్రభుత్వ బాండ్లే ఉంటాయి కాబట్టి రిస్క్ లేదని చెప్పి అమ్మడం మామూలైపోయింది. అప్పు ఎగ్గొట్టే రిస్క్ లేదు, ధర ఊగే రిస్క్ నిండుగా ఉంది. పైగా ఫండ్‌కు బాండులా గడువు ఉండదు. గడువు దగ్గరపడిన బాండ్లను అమ్మి మేనేజర్ పొడవాటివి కొంటూ ఉంటే డ్యూరేషన్ ఎప్పటికీ కరిగిపోదు. నెలవారీ ఫ్యాక్ట్‌షీట్‌లో ఈల్డ్, మాడిఫైడ్ డ్యూరేషన్ రెండూ ఇస్తారు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే, ఏడాదిలో ఈల్డ్ ఎంత పెరిగితే ఆ ఏడాది వడ్డీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుందో ఇంచుమించుగా తెలుస్తుంది. ఏడు శాతం ఈల్డ్, ఏడు డ్యూరేషన్ ఉన్న ఫండ్‌కు అది ఒక శాతం. డ్యూరేషన్ ఒకటే ఉన్న ఫండ్‌కు ఏడు శాతం. రెండేళ్లలో పిల్ల పెళ్లికి కావాల్సిన డబ్బును ఏ ఫండ్‌లో ఉంచకూడదో చెప్పడానికి ఈ ఒక్క భాగహారం చాలు.

ఈ పోలికను పట్టించుకోకపోతే ఏమవుతుందో 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ చూపించింది. ఎప్పుడడిగితే అప్పుడు ఇవ్వాల్సిన డిపాజిట్లతో, వడ్డీలు అట్టడుగున ఉన్నప్పుడు పొడవాటి బాండ్లు కొనిపెట్టింది. 2022 చివరికి ‘గడువు దాకా ఉంచుకుంటాం’ అనే ఖాతాలో దాదాపు 91 బిలియన్ డాలర్ల బాండ్లున్నాయి. మార్కెట్ ధర దానికంటే 15 బిలియన్ డాలర్లు తక్కువ. బ్యాంకు మూలధనమంతా కలిపితే సుమారు 16 బిలియన్లు. ఆ ఖాతా డ్యూరేషన్ 6.2 ఏళ్లు. 15ను 91తో భాగించి, వచ్చిన పదహారున్నర శాతాన్ని 6.2తో భాగిస్తే సుమారు 2.7 శాతం. ఫెడరల్ రిజర్వ్ ఏడాదిలో పెంచిన వడ్డీలు చూసినవారికి ఆ నష్టం ఎక్కడి నుంచి వచ్చిందో అంతకన్నా వివరించక్కర్లేదు.

ఏడాది కిందట అదే ఖాతా డ్యూరేషన్ 4.1 మాత్రమే. పొడిగించింది ఎవరో కాదు, వడ్డీలే. ఆ బాండ్లలో ఎక్కువ భాగం ఇళ్ల రుణాల మీద నిలబడినవి. వడ్డీ తక్కువున్నప్పుడు జనం పాత రుణం తీర్చి కొత్తది తీసుకుంటారు, అసలు త్వరగా తిరిగొస్తుంది. వడ్డీ పెరిగాక చవక రుణాన్ని ఎవరూ ముందుగా తీర్చరు. చివరి మూట ఇంకా దూరం జరుగుతుంది, డ్యూరేషన్ పెరుగుతుంది, అదీ ధర పడుతున్న సమయంలోనే. ప్రభుత్వ బాండులో కొన్నవారి వైపు పనిచేసిన వంపు ఇక్కడ ఎదురుతిరుగుతుంది.

అమ్మకుండా ఉంటే ఆ నష్టం పుస్తకాల్లో కనిపించదు, నియమాలూ ఒప్పుకుంటాయి. మార్చి 8న బ్యాంకు వేరే ఖాతాలోని 21 బిలియన్ డాలర్ల బాండ్లను 1.8 బిలియన్ల నష్టానికి అమ్మినట్టు ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజే డిపాజిటర్లు 42 బిలియన్లు వెనక్కి అడిగారు. ఆరేళ్లు ఆగితే చాలు లెక్క సరిపడేది. మార్చి 10న నియంత్రణాధికారులు బ్యాంకును మూసేశారు.